ఉగాది సభకు రెండు నిమిషాల స్వాగతం: రాసుకోవడం నుంచి మైక్ దాకా

అపార్ట్‌మెంట్ సంఘం వాళ్లు ఉగాది పొద్దున కమ్యూనిటీ హాలులో అందరినీ పిలిచారు. పంచాంగ శ్రవణం ఉంది, పిల్లల పాటలు ఉన్నాయి, ఆ తరువాత భోజనాలు. మొదట రెండు నిమిషాలు స్వాగతం మీరు చెప్పాలి. ఇది చాలామందికి ఎదురయ్యే పనే. దీన్ని ఎలా రాసుకోవాలో, ఎలా పలకాలో ఒక ఉగాది సభనే తీసుకుని మొదటి నుంచి చివరిదాకా చూద్దాం. తేదీ కావాలి కాబట్టి 2026 మార్చి 19, గురువారం, పరాభవ నామ సంవత్సర ఉగాది అనుకుందాం.

ముందు ఒక్క విషయం మనసులో పెట్టుకోండి. ఈ మాటలను ఎవరూ కాగితం మీద చదవరు. వెనక వరసలో పాపాయిని ఒళ్లో పెట్టుకున్న అమ్మ, సరిగ్గా వినపడని తాతగారు, ఇప్పుడే చెప్పులు విడిచి లోపలికి వస్తున్న కుటుంబం, వీళ్లందరి చెవిన పడాలి. కింద చెప్పేవన్నీ ఆ అవసరం నుంచి వచ్చినవే.

రాయడానికి ముందు నాలుగు సంగతులు అడగండి

కలం పట్టుకోకముందే నిర్వాహకులకు ఫోన్ చేయండి. మీ తరువాత వేదిక ఎక్కేది ఎవరు? భోజనాలు ఎన్ని గంటలకు, ఎక్కడ? పచ్చడి ఎవరు చేస్తున్నారు, అందరికీ ఎలా అందిస్తారు? వచ్చేవాళ్లలో తెలుగు ఇంట్లో మాట్లాడనివాళ్లు, ఈ ఏడాదే కొత్తగా దిగినవాళ్లు ఎవరున్నారు?

ఈ నాలుగింటికి జవాబులు దొరికితే సగం ప్రసంగం అయిపోయినట్టే. దొరకకపోతే మనం ఎవరైనా, ఎక్కడైనా చెప్పగలిగే మాటలే రాస్తాం. "ఉగాది అంటే యుగానికి ఆది", "షడ్రుచులు జీవితానికి ప్రతీకలు" అని మొదలుపెడతాం. అవి తప్పు మాటలు కావు. కానీ తీపి, పులుపు, చేదు, వగరు, కారం, ఉప్పు గురించి పంచాంగం చదివే సిద్ధాంతి గారు ఎలాగూ చెబుతారు, ఆ తరువాత మాట్లాడే పెద్దలు కూడా చెబుతారు. ఒకే సభలో మూడుసార్లు వినాల్సి వస్తుంది. రెండు నిమిషాల్లో అర నిమిషం దానికి ఇవ్వకండి. ఆ అర నిమిషంలో మీ హాలుకు మాత్రమే చెందిన ఒక సంగతి చెప్పండి. పచ్చడిలోకి వేపపువ్వు ఏ చెట్టు నుంచి వచ్చింది, మామిడికాయలు ఎవరి ఊరి నుంచి వచ్చాయి, గుమ్మానికి తోరణం ఎవరు కట్టారు? జనం తలెత్తి వినేది వీటినే.

పేర్ల జాబితా విషయంలో ముందే తేల్చుకోండి

స్వాగతం ఎక్కువసేపు సాగిపోవడానికి అన్నిటికన్నా పెద్ద కారణం పేర్లు. అధ్యక్షులు, కార్యదర్శి, కోశాధికారి, మాజీ అధ్యక్షులు, విరాళం ఇచ్చినవారు, ఇలా మొదలైతే ఆగదు. ఎంత జాగ్రత్తగా రాసినా ఒక పేరు జారిపోతుంది, ఆ ఒక్కరూ ఇంటికి వెళ్లేదాకా అదే తలుచుకుంటారు. అందుకని పేర్లు పెట్టకుండా జట్లుగా పలకరించండి: పెద్దలు, కొత్త కుటుంబాలు, వంట చేసినవారు, పిల్లలు. బయటి నుంచి వచ్చిన అతిథి ఒకరో ఇద్దరో ఉంటే వాళ్ల పేర్లు మాత్రం చెప్పండి. ఆ పేరు ఎలా పలకాలో వాళ్లనే అడిగి, వాళ్లు అన్నట్టే కార్డు మీద రాసుకోండి.

"అధ్యక్షుల వారి పేరు చెప్పకపోతే బాగుండదేమో" అని ఎవరైనా అంటే, చివర్లో వందన సమర్పణ ఉంటుంది కదా, అక్కడ అందరి పేర్లూ చెబుదాం అనండి. అది నిజంగా అక్కడ ఉండాల్సిందే.

ఎన్ని మాటలు రాయాలి

తెలుగులో నిదానంగా, వెనక వరసకు వినపడేలా మాట్లాడితే నిమిషానికి 80 నుంచి 90 మాటలు వస్తాయి. మన మాటలు పొడవు, విభక్తులన్నీ మాటకే అతుక్కుని ఉంటాయి కాబట్టి ఈ లెక్క తక్కువగా అనిపించినా సరిపోతుంది. రెండు నిమిషాలకు 170 మాటలు రాయొచ్చు అనిపిస్తుంది. రాయకండి. చప్పట్లకు, మధ్యలో ఆగడానికి, పిల్లల అల్లరి సద్దుమణగడానికి పావు నిమిషం పైనే పోతుంది. 145 మాటల దగ్గర ఆపేస్తే రెండు నిమిషాల్లో హాయిగా ముగుస్తుంది.

ఇదిగో ఆ కొలతలో రాసిన ఒక స్వాగతం. ఒక్కో వరుస ఒక్కో ఊపిరి. మీ హాలుకు తగ్గట్టు వివరాలు మార్చుకోండి.

అందరికీ నమస్కారం.
ఉగాది శుభాకాంక్షలు.

ఈ రోజు నుంచి మనం
శ్రీ పరాభవ నామ సంవత్సరంలో అడుగుపెట్టాం.
కొత్త ఏడాది మొదటి రోజు పొద్దున్నే
ఇంటి పనులు చక్కబెట్టుకుని ఇక్కడికి వచ్చారు.
మీ అందరికీ మన అపార్ట్‌మెంట్ సంఘం తరఫున స్వాగతం.

ముందు వరసలో కూర్చున్న మన పెద్దలకు నమస్కారం.
మీ ఆశీస్సులు మా అందరికీ కావాలి.

పోయిన ఉగాది తరువాత మన దగ్గరికి వచ్చిన
కొత్త కుటుంబాలు ఉన్నాయి.
మీకు ఇది ఇక్కడ మొదటి ఉగాది.
దయచేసి ఒక్కసారి చేయి ఎత్తండి.
మిమ్మల్ని మేమంతా చూడాలి.
(చప్పట్లు)

మన కన్నడ కుటుంబాలకు యుగాది శుభాకాంక్షలు.
మరాఠీ కుటుంబాలకు గుడి పాడ్వా శుభాకాంక్షలు.
రంజాన్ ఉపవాసాల్లో ఉన్న ముస్లిం కుటుంబాలకు
ముందుగానే ఈద్ శుభాకాంక్షలు.

పచ్చడిలో వేసిన వేపపువ్వు మన గేటు పక్క చెట్టుదే.
నిన్న సాయంత్రం పిల్లలే ఏరి తెచ్చారు.
పచ్చడి కలిపింది బి బ్లాక్ అమ్మలు, అక్కలు.
తెల్లవారుజామునే లేచి మనందరికీ సరిపడా చేశారు.
వాళ్లకు గట్టిగా చప్పట్లు కొడదాం.
(చప్పట్లు)

ఇప్పుడు పంచాంగ శ్రవణం మొదలవుతుంది.
ఆ తరువాత పిల్లల పాటలు.
పన్నెండున్నరకు భోజనాలు, వెనక షెడ్డులో.
పచ్చడి మాత్రం ఇప్పుడే మీ దగ్గరికి వస్తుంది.
మీరు లేవక్కర్లేదు.

చేదు ఉన్నా తీపి ఉన్నా
ఈ ఏడాదంతా ఒకరికొకరు తోడుగా ఉందాం.
మరోసారి అందరికీ ఉగాది శుభాకాంక్షలు.

సిద్ధాంతి గారూ, నమస్కారం.
దయచేసి వేదిక మీదకు రండి.

ఇలా ఎందుకు రాశామంటే

మొదటి రెండు వరుసల్లో నాలుగే మాటలు ఉన్నాయి. మైక్ ముందు నిలబడగానే గొంతు కొంచెం బిగుస్తుంది, హాలులో ఇంకా కబుర్లు ఆగవు. అప్పుడు పెద్ద వాక్యం ఎత్తుకుంటే దాని మొదటి సగం ఎవరికీ వినపడదు. "అందరికీ నమస్కారం" అని ఆగితే జనం తిరిగి నమస్కారం అంటారు, అక్కడితో అందరి చూపూ వేదిక మీదకు వస్తుంది.

శుభాకాంక్షల వాక్యాలకు చివర క్రియ లేకపోవడం గమనించండి. "మీ అందరికీ పేరుపేరునా నా హృదయపూర్వక నూతన సంవత్సర శుభాకాంక్షలు తెలియజేసుకుంటున్నాను" అని రాయడం మనకు అలవాటు. కానీ "శుభాకాంక్షలు" అన్న మాట వినగానే జనం చప్పట్లు మొదలుపెడతారు, మీ "తెలియజేసుకుంటున్నాను" ఆ చప్పట్లలో కలిసిపోతుంది. పైగా ఒక్క ఊపిరిలో అంత వాక్యం అయ్యేసరికి చివరి మాటకు గాలి చాలదు. ముఖ్యమైన మాటను వాక్యం చివర పెట్టి అక్కడే ఆపేయండి.

సంవత్సరం పేరు ఒక్కసారే చెప్పాం, అదీ "శ్రీ పరాభవ నామ సంవత్సరం" అని పూర్తిగా. "నామ సంవత్సర" తీసేసి "పరాభవ శుభాకాంక్షలు" అంటే వినడానికి అశుభంగా ఉంటుంది. ఆ పేరుకు ఓటమి అనే అర్థం ఉంది కాబట్టి ఏడాది ఎలా ఉంటుందోనని కొందరు అనుకోవచ్చు. దానికి సమాధానం చెప్పాల్సింది పంచాంగం చదివేవారు. స్వాగతం చెప్పేవారు ఆ ఊసు ఎత్తకుండా, మిగతా చోట్ల "ఉగాది" అనే మాటనే వాడితే చాలు. ఈ పేర్లు 60 ఏళ్లకు ఒకసారి తిరిగి వస్తాయి. 2027 ఉగాదికి ప్లవంగ, 2028కి కీలక. ఆ ఏడాది ఇదే ప్రసంగం వాడితే పేరు మార్చడం మరిచిపోకండి.

కన్నడ, మరాఠీ కుటుంబాలకు విడిగా చెప్పింది మర్యాద కోసమే కాదు. వాళ్లకూ అదే రోజు కొత్త సంవత్సరం, వాళ్లు ఇంట్లో పిలుచుకునే పేరుతో వాళ్ల పండుగను పిలిస్తే ఆ హాలు తమది కూడా అనిపిస్తుంది. 2026లో రంజాన్ నెల చివరి రోజుల్లో ఉగాది వచ్చింది కాబట్టి ఈద్ మాట కూడా చేర్చాం. వేరే ఏడాది అయితే ఆ వాక్యం తీసేయండి. మీ అపార్ట్‌మెంట్‌లో ఆ కుటుంబాలు లేకపోతే ఆ మూడు వాక్యాలూ వద్దు. లేనివాళ్లకు శుభాకాంక్షలు చెబితే ఎవరో రాసిచ్చింది చదువుతున్నట్టు ఉంటుంది. మరొక మాట, ఉపవాసంలో ఉన్నవారి చేతికి పచ్చడి కప్పు వెళ్లకుండా, వాళ్లకు చిన్న డబ్బాలో పెట్టి పక్కన ఉంచమని వడ్డించేవాళ్లకు ముందే చెప్పండి.

చివరి వాక్యం తరువాతి మనిషికి అప్పగింత. చాలా స్వాగతాలు బాగానే సాగి, "కాబట్టి... ఇక... ఈ కార్యక్రమాన్ని..." అంటూ చివర్లో తడబడతాయి. ఎవరిని పిలవాలో ముందే తెలిస్తే ఆ తడబాటు ఉండదు. పంచాంగం చదివేవారు ఇంకా రాలేదని సభలో తెలిసిందంటే పిల్లల పాటను ముందుకు తేవాలి. అందుకే ఆఖరి రెండు వరుసలు కార్డు మీద పెన్సిల్‌తో రాసుకోండి, మైక్ అందుకునే ముందు ఒకసారి నిర్వాహకులను అడిగి ఖాయం చేసుకోండి.

నోటితో పరీక్షించండి

రాసింది మనసులో చదువుకుంటే ఏదీ తగలదు. నిలబడి, గొంతెత్తి చదవండి. నాలుక తగిలిన ప్రతిచోటా గీత పెట్టండి. మూడోసారి కూడా అక్కడే తగిలితే అది మీ తప్పు కాదు, ఆ మాటను మార్చేయండి. "విచ్చేసినటువంటి" బదులు "వచ్చిన" అనండి. "ఆసీనులైన పెద్దలు" బదులు "కూర్చున్న పెద్దలు" అనండి. "ఈ శుభ సందర్భాన్ని పురస్కరించుకొని" అనేది మొత్తం తీసేసినా ఏమీ పోదు.

మీ ఇంటి యాసను మార్చుకోకండి. కరీంనగర్ నుంచి వచ్చినవారు "ఒచ్చిండ్రు" అన్నా, శ్రీకాకుళం మనిషి తన తీరులో మాట సాగదీసినా సభకు అర్థమవుతుంది. పుస్తక భాషను అరువు తెచ్చుకున్నప్పుడే తడబాటు ఎక్కువ. నా నమూనాలో "వచ్చారు", "తెచ్చారు" అని ఉన్నచోట మీ నోటికి వచ్చే రూపాలు రాసుకోండి, అన్నీ ఒకే తీరులో ఉండేలా మాత్రం చూసుకోండి.

తరువాత ఫోన్‌లో టైమర్ పెట్టి ఇంట్లో చదవండి. చప్పట్ల చోట ఆగకుండా చదివితే ఒక నిమిషం 40 సెకన్లు రావాలి. ఒకటింబావులోనే అయిపోతే మీరు పరుగెడుతున్నారు, ఒక్కో వరుస చివర ఊపిరి పీల్చుకుని మళ్లీ చదవండి. రెండు నిమిషాలు దాటితే వేగం పెంచకండి. వరుసలు తీసేయండి, ముందుగా పెద్దలకు చెప్పిన రెండో వాక్యం, ఆ తరువాత "మీకు ఇది ఇక్కడ మొదటి ఉగాది". కార్యక్రమ వివరాలు, పచ్చడి చేసినవారి మాట మాత్రం తీయకండి.

కార్డు, మైక్

ఫోన్‌లో చూసి చదవడం కన్నా గట్టి కాగితం మేలు. మధ్యలో తెర ఆరిపోతుంది, శుభాకాంక్షల సందేశాలు ఒకదాని మీద ఒకటి వచ్చి పడతాయి, ఉగాది పొద్దున అవి ఆగవు. ఏ4 కాగితాన్ని సగానికి మడిచి, ఒక వరుసకు ఒక ఊపిరి చొప్పున పెద్ద అక్షరాలతో రాయండి. ఆగాల్సిన చోట వరుస ఖాళీ వదలండి. రెండు వైపులా రాస్తే కార్డు తిప్పే చోటు చప్పట్ల దగ్గర వచ్చేలా చూసుకోండి.

హాలుకు జనం రాకముందే వెళ్లి మైక్‌లో రెండు వాక్యాలు చెప్పి చూడండి. నేలకు టైల్స్, చుట్టూ ఒట్టి గోడలు ఉన్న కమ్యూనిటీ హాలులో శబ్దం గోడలకు తగిలి వెనక్కి వస్తుంది. ఒక మాట మోత ఆరకముందే ఇంకో మాట అంటే రెండూ కలిసి గందరగోళం అవుతుంది. ఇలాంటి చోట శబ్దం పెంచితే వినపడదు, ఆగి ఆగి చెబితేనే వినపడుతుంది. జనం నిండాక మోత కొంత తగ్గుతుంది కాబట్టి ఖాళీ హాలులో విన్నది చూసి బెదరకండి.

మైక్‌ను నోటికి నాలుగు వేళ్ల దూరంలో, సూటిగా కాకుండా కొంచెం గడ్డం వైపు పట్టుకోండి. ప, భ పలికినప్పుడు నోటి నుంచి గాలి ఒక్కసారిగా తన్నుకొస్తుంది, అది నేరుగా మైక్‌కు తగిలితే స్పీకర్లలో "ధబ్" మని వినపడుతుంది. ఈ ప్రసంగంలో శుభాకాంక్షలు, పరాభవ, భోజనాలు, పచ్చడి, అన్నీ ఆ అక్షరాలే. మైక్ కీచుమంటే మీరు స్పీకర్లకు ఎదురుగా నిలబడ్డారని అర్థం. స్పీకర్ల వెనక్కి రెండు అడుగులు జరిగితే చాలావరకు ఆగిపోతుంది. చేత్తో మైక్ తలను మూసి పట్టుకుంటే కీచు ఇంకా పెరుగుతుంది, పిడి దగ్గరే పట్టుకోండి.

పండుగ రోజు కాకుండా వేరే రోజు సభ అయితే

ఉగాది గురువారం వస్తే చాలా సంఘాలు సభను ఆ ఆదివారానికి మారుస్తాయి. విదేశాల్లోని తెలుగు సంఘాలకైతే సెలవు ఉండదు కాబట్టి వారాంతమే దిక్కు. అప్పుడు "ఈ రోజు నుంచి" అన్న వరుస తప్పవుతుంది. "మొన్న గురువారం ఉగాదితో మనం శ్రీ పరాభవ నామ సంవత్సరంలో అడుగుపెట్టాం, ఈ రోజు అందరం కలిసి ఆ పండుగ చేసుకుంటున్నాం" అని మార్చండి. "కొత్త ఏడాది మొదటి రోజు పొద్దున్నే" బదులు "ఆదివారం పూట" అనండి. ఈద్ అప్పటికి అయిపోయి ఉంటే "రంజాన్ ఉపవాసాల్లో ఉన్న", "ముందుగానే" అన్న మాటలూ తీసేయాలి. వేపపువ్వు దొరకని ఊళ్లో ఉంటే దాని బదులు పచ్చడిలో ఏం వేశారో అదే చెప్పండి, పిల్లలకు ఆ వాక్యాన్ని వాళ్లకు తెలిసిన భాషలో ఇంకోసారి చెప్పండి. తెలుగు అంతగా రాని పిల్లలు పచ్చడి సంగతి దగ్గరే చెవి పెడతారు.

కరెంటు పోయి మైక్ ఆగిపోతే మొత్తం చెప్పాలని గొంతు చించుకోకండి. కార్డు వెనక అయిదు వాక్యాలు వేరుగా రాసి ఉంచుకోండి, వేదిక దిగి హాలు మధ్యకు వచ్చి అవే చెప్పండి: "అందరికీ ఉగాది శుభాకాంక్షలు. మన సంఘం తరఫున స్వాగతం. పచ్చడి మీ దగ్గరికే వస్తుంది. పన్నెండున్నరకు వెనక షెడ్డులో భోజనాలు. సిద్ధాంతి గారూ, ఇలా మా మధ్యకు రండి."